పెరిగిన జీతం, పెరగని నిల్వ

శ్రీరాంపూర్ గని కార్మికుడి ఇంటి లోన్ ఫైలు కరీంనగర్ లోన్ ఆఫీసులో నా బల్ల మీదికొచ్చింది. లోన్ ఇప్పించే ఏజెంట్ పంపిన బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో జీతం అంకెలు మిగతావాటికంటే కాస్త లావుగా కనిపిస్తే, ముందు నా కళ్లద్దాలనే అనుమానించాను. కూడి చూశాను. జీతం ఎనభై వేలని ఉంది. పక్కన నిల్వ మాత్రం అరవై వేలే పెరిగింది.

కార్మికుడిని పిలిచి, ఆయన ఫోన్‌లోనే బ్యాంకు యాప్ తెరిపించాను. వచ్చింది అరవై వేలే.

"నేనేం మార్చలే సార్. ఏజెంటే జర మంచిగ చేసి పంపుతనన్నడు."

"ఏం మంచిగనే అన్నా! అరవై వేలకే లోన్ వచ్చేటిది గదా!"

"అయితే గా అసలుదే తీస్కోండ్రి."

దిద్దిన కాగితం ఫైలులో చేరాక అసలుది తెచ్చినా తీసుకోకూడదని మా నియమం. ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు. తప్పు నా కళ్లద్దాలదే అయితే ఎంత బాగుండునని విసుక్కుంటూ, ‘తిరస్కరణ’ అని టైప్ చేశాను.