మధ్య స్ప్రింగు

ఎనభైల మొదట్లో అమలాపురం కాలేజీలో నేను ఫిజిక్సు లెక్చరర్ని. తాత్కాలిక ఉద్యోగం. యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చి, నా పాఠం విని, బాగుందంటే పర్మనెంటు చేస్తారు. లేదంటే పెట్టె సర్దుకుని మా ఊరు ముక్తేశ్వరం పోవాలి. మా ఇంట్లో కాలేజీలో పాఠం చెప్పిన మొదటిదాన్ని నేనే. నా ఉద్యోగం నిలబడాలని మా నాయనమ్మ ప్రతి ఆదివారం చర్చిలో అందరికీ వినబడేలా ప్రార్థించేది. దాంతో నా పరీక్ష సంగతి ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు.

"ఉత్త లెక్క చెబితే ప్రొఫెసర్లు కునుకు తీస్తారమ్మా. ప్రయోగం చూపించు," అన్నారు మా హెడ్ గారు. ఆయనకి నా మీద అభిమానం ఎక్కువ, అన్నిట్లోనూ చెయ్యి పెట్టే అలవాటు ఇంకా ఎక్కువ.

రెండు చిన్న చక్రాల బండ్లు, మూడు స్ప్రింగులు. అటు గోడకీ మొదటి బండికీ మధ్య ఒకటి, రెండు బండ్ల మధ్య ఒకటి, రెండో బండికీ ఇటు గోడకీ మధ్య ఒకటి. గోడలంటే బల్లకి రెండు చివర్లా బిగించిన చెక్కలే. స్ప్రింగులన్నీ ఒకే చుట్ట నుంచి ఒకే పొడుగున కోసినవి. పక్క స్ప్రింగులు రెండూ నేనే బరువులు వేలాడదీసి కొలిచాను, సమానంగా ఉన్నాయి. మూడోది కూడా అదే చుట్టది కదా అని వదిలేశాను.

ఆ రోజు ప్రొఫెసరు గారు వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను స్ప్రింగు గట్టితనాన్ని k అనుకుని రెండు సమీకరణాలు రాసి, వాటిని మాత్రికగా మార్చాను. కర్ణం మీద రెండేసి k లు, పక్కన మైనస్ k లు. డిటర్మినెంటుని సున్నా చేస్తే రెండు ఐగెన్ విలువలు, k, 3k. వాటిని ద్రవ్యరాశితో భాగిస్తే కోణీయ పౌనఃపున్యాల వర్గాలు వస్తాయి. అంటే బండ్లు ఊగే రీతులు రెండు. మొదటి రీతిలో బండ్లు రెండూ జోడెడ్లలా ఒకే వైపు కదులుతాయి. రెండో రీతిలో అలిగిన తోడికోడళ్ళలా ఒకటి అటు, ఒకటి ఇటు. ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. రెండోది మొదటిదానికంటే రూట్ మూడు రెట్లు, అంటే ఒకటీ పాయింటు ఏడు మూడు రెట్లు వేగం అని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత గీయకుండా ఉండాల్సింది.

రెండు బండ్లనీ ఒకే వైపు సమానంగా లాగి వదిలాం. పది ఊపులకి ఇరవై సెకన్లు, లెక్క వేసినట్టే వచ్చింది. తర్వాత ఎదురెదురుగా లాగి వదిలాం. పదకొండున్నర రావాలి. స్టాప్‌వాచీ పట్టుకున్న అమ్మాయి, "పది సెకన్లేనండీ, మేడమ్ గారూ," అంది. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ పదే.

"రూట్ మూడు ఎక్కడికెళ్ళిందండీ?" అన్నారు ప్రొఫెసరు గారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ముచ్చెమటలు పోశాయి. హెడ్ గారు కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూడటం మొదలుపెట్టారు.

కోపం వచ్చింది నాకు, ఆ బల్ల మీద. సరే, నీ సంగతేంటో చూద్దామని ఆలోచించాను. మొదటి రీతి సరిగ్గా వచ్చింది కాబట్టి బండ్లూ, పక్క స్ప్రింగులూ నిక్షేపంగా ఉన్నాయి. బండ్లు కలిసి కదిలినంతసేపూ మధ్య స్ప్రింగు సాగదు, ముడుచుకోదు. అందుకే అది ఎలాంటిదైనా మొదటి రీతిలో బయటపడదు. ఎదురెదురుగా కదిలినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

బోర్డు తుడిచి, మధ్య స్ప్రింగుకి వేరే అక్షరం పెట్టి మాత్రిక మళ్ళీ రాశాను. ఈసారి ఐగెన్ విలువల్లో మొదటిది k, రెండోది k కి మధ్యదాన్ని రెండింతలు చేసి కలిపినది. వేగం సరిగ్గా రెట్టింపైంది, దాని వర్గం నాలుగింతలు, కాబట్టి రెండో విలువ 4k కావాలి. అంటే మధ్య స్ప్రింగు గట్టితనం పక్కవాటికి ఒకటిన్నర రెట్లు.

"ఒకే తీగ, ఒకే చుట్ట," అన్నాను పిల్లలతో. "గట్టితనం పెరిగిందంటే చుట్లు తగ్గాయన్నమాట. పక్కదానికి మూడు చుట్లుంటే దీనికి రెండే ఉండాలి. లెక్కపెట్టండి."

ఇద్దరు అమ్మాయిలు బల్ల మీదికి వంగారు. పక్కదానికి అరవై. మధ్యదానికి నలభై. ఒక్కసారిగా అరుపులు, చప్పట్లు.

"బల్ల పొట్టిదైపోయిందండీ," అన్నారు హెడ్ గారు నెమ్మదిగా. "బండ్లు కుదురుగా పట్టాలని పొద్దున్నే మధ్యదాన్ని కాస్త కత్తిరించేనండీ. స్ప్రింగు మారలేదు కదా, పొడుగే కదా అనుకున్నాను."

ప్రొఫెసరు గారు పగలబడి నవ్వారు. హెడ్ గారు కూడా నవ్వక తప్పలేదు. నవ్వు ఆగాక ప్రొఫెసరు గారు లేచి, జేబులోంచి పెన్ను తీసి, "ఇంకా వినేదేముందండీ? ఈవిడ కాయితాలు తెప్పించండి," అన్నారు.

బోర్డు వైపు తిరిగి డస్టరు అందుకున్నాను. మాత్రిక చెరిగిపోయాక కూడా, కళ్ళు ఆరేదాకా, ఖాళీ బోర్డునే తుడుస్తూ నిలబడ్డాను.