హిస్టరీ తుడిచేశాక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆవిడ ఈ మాట అంటుంది, మా చెల్లెలు అంటుంది, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో నాతో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాళ్ళు కూడా అనేవారు. రిటైరయ్యాక తగ్గుతుందనుకున్నారు పాపం. ఆ కోపంలోనే ఒక మంగళవారం నాడు మా అమ్మ నోటి దగ్గర కూడు నేనే తీసేశాను.

అమ్మకు మతిమరుపు జబ్బు. నన్ను గుర్తుపట్టడం మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. నన్ను "ఏవండీ" అని పిలిచేది, ఎవరో పెద్దమనిషి పని మీద ఇంటికొచ్చాడనుకుని. దానికి నేను అలవాటు పడిపోయాను. అలవాటు పడలేనిది అన్నం దగ్గరే. ముద్ద పెదవులకు ఆనగానే పళ్ళు బిగబట్టేది. బతిమాలినా అంతే, కసిరినా అంతే. మా ఆవిడ ఊళ్ళోనే స్కూల్లో టీచరు, మధ్యాహ్నం రెండు దాటితే గానీ రాదు. అమ్మకు పెట్టడం నా పని. పదకొండున్నరకల్లా మెత్తగా కలిపి పెట్టేసేవాణ్ణి. ఆవిడ వచ్చాక మేమిద్దరం తినేవాళ్ళం.

ఒకరోజు టీవీలో వీడియోలు పెట్టే యాప్ తెరిస్తే మొదటి వరసలో ఒక పూతరేకుల వీడియో కనబడింది. ఊరికే నొక్కాను. ఎవరో ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. ముఖం కనబడదు, చేతులు మాత్రమే. బియ్యప్పిండి పాలలో బట్ట ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది, పొర తీస్తుంది, పక్కన పెడుతుంది. పని చేసుకుంటూనే పక్కవాళ్ళతో ఏదో మాట్లాడుతూ ఉంటుంది. అమ్మ పుట్టిల్లు ఆత్రేయపురం వైపు. పెళ్ళయ్యేదాకా అక్కతో కలిసి రేకులు తీసిన మనిషి. ఆ చేతులు చూడగానే మంచం మీద నిటారుగా కూర్చుని "అక్కా" అంది. కాసేపటికి నోరు తెరిచింది.

ఆ రోజు నుంచి ఆ వీడియో లేకుండా అమ్మ అన్నం తినలేదు. టీవీ పెట్టగానే అదే మొదట కనబడేది, నేను నొక్కేవాణ్ణి, అమ్మ అక్కను చూస్తూ తినేది. దాని పేరేమిటో, ఎవరు పెట్టారో నేను ఏనాడూ చదవలేదు. పిలవకుండా వచ్చి గుమ్మంలో నిలబడేదాని పేరు ఎవరడుగుతారు? అందులో ఆవిడ ఏం మాట్లాడుతోందో కూడా వినలేదు. నా ధ్యాసంతా ముద్దల మీద ఉండేది. అమ్మ ముద్ద మింగిందా, దవడలో దాచుకుందా అన్నదే నాకు కావలసింది.

ఇక నా పాపం గురించి. ఒక ఉదయం దుప్పటి మూడుసార్లు మార్చాను. మూడోసారి అమ్మ నా చెయ్యి కొరికింది. వరండాలోకి వచ్చి ఫోన్ తీసి అదే యాప్‌లో, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారు, అని కొట్టాను. మూడు వీడియోలు చూశాను. అమ్మ పోతుందేమోనన్న భయంతో చూశానా, నాకెప్పుడు విడుదలా అని చూశానా అంటే, రెండూ అనుకుంటాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

ఫోన్లోనూ టీవీలోనూ ఒకే అకౌంట్. ఫోన్లో చూసింది టీవీకి తెలియకుండా ఉండదు. మర్నాటి నుంచి టీవీలో పూతరేకుల పక్కనే ముక్కులో గొట్టం ఉన్న ముసలమ్మల బొమ్మలు, చివరి రోజుల లక్షణాలు, ఏడు రోజుల్లో జ్ఞాపకశక్తి తెప్పించే కషాయాలు వరసకట్టాయి. అమ్మ ఆ గొట్టం బొమ్మ చూసి ముఖం తిప్పుకునేది.

మంగళవారం మా చెల్లెలు రాజమండ్రి నుంచి వచ్చింది. అమ్మకు భజనలు పెడదామని టీవీలో వెతికే చోటు తెరిచింది. ఇంతకుముందు వెతికినవన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన నాది. చెల్లెలు దాన్ని పైకే చదివింది.

"ఏంటన్నయ్యా ఇది? అమ్మ ఎప్పుడు పోతుందా అని చూస్తన్నావా?"

తప్పు చేసినవాడికి గొంతు పెద్దది. "నెలకోసారి అరటిపళ్ళు పట్టుకొచ్చి వెళ్ళేదానివి నువ్వా నన్నడిగేది?" అని అరిచాను. అది ఏడుస్తూ మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

గేటు చప్పుడు ఆగకముందే రిమోట్ తీసుకున్నాను. సెట్టింగుల్లోకి వెళ్ళి సెర్చ్ హిస్టరీ తుడిచేశాను. దానితో కసి తీరలేదు. ఆ గొట్టాల ముసలమ్మలు కూడా పోవాలి. కింద వాచ్ హిస్టరీ అని ఉంటే అదీ నొక్కాను. అన్ని పరికరాల్లోనూ పోతుంది, సరేనా అన్నట్టు ఏదో అడిగింది. సరే అన్నాను. మొదటి పేజీకి తిరిగి వస్తే ఖాళీగా ఉంది. వీడియోలు చూడాలంటే ముందు ఏదైనా వెతకమని రెండు ముక్కలు రాసి ఉంది, అంతే. పీడ వదిలిందనుకున్నాను.

బుధవారం పదకొండున్నరకు అన్నం కలుపుకుని టీవీ పెట్టాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. పూతరేకులు అని వెతికాను. వందలొచ్చాయి. దుకాణాలవాళ్ళు, వంట చేసి చూపించేవాళ్ళు, టోపీ పెట్టుకుని ఊరూరా తిరిగే కుర్రాళ్ళు. ఒక్కొక్కటీ పెట్టి చూపించాను. అమ్మ ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. "అక్కేదండీ?" అని నన్నడిగింది. నేను పంపేశాను అమ్మా, అని మనసులో అనుకున్నాను. ఆ రోజు చెంచాతో మజ్జిగ నాలుగు గుక్కలు లోపలికి వెళ్ళింది, అంతే.

గురువారం పొద్దున్నే సెంటర్లో ఉన్న మొబైల్ షాపుకి పరుగెత్తాను. షాపతను నేను చెప్పింది విని ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లైక్ కొట్టారాండీ దానికి? కొడితే ఆ లిస్టులో ఉంటది. అది పోదు."

"లేదు."

"ఆ ఛానల్ సబ్‌స్క్రైబ్ చేశారా?"

"లేదండి."

"ఎవరికైనా పంపించారా పోనీ?"

దానికీ లేదనే చెప్పాను. "అయితే ఇంక రాదండి. తుడిచింది తిరిగి తేలేం. అయినా మీకు వద్దనుకున్నదొక్కటి తీసేస్తే సరిపోయేది కదండీ, ఒక్కొక్కటి తీసెయ్యొచ్చు. అంతా ఎందుకు తుడిచేశారు?" అన్నాడు. అతను మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం షాపు ముందున్న బల్ల మీద కూర్చోవలసి వచ్చింది.

ఆ యాప్‌కి మళ్ళీ నేర్పుదామనుకున్నాను. పూతరేకుల వీడియోలే ఒకదాని తర్వాత ఒకటి పొద్దస్తమానం పెట్టాను. మిగతావి వస్తే వద్దని నొక్కాను. ఇన్నాళ్ళూ అదే పసిగట్టి తెచ్చింది, మళ్ళీ తేకపోతుందా అని నా ఆశ. శుక్రవారానికి మొదటి పేజీ నిండా పూతరేకులే. కుండలు, బట్టలు, నెయ్యి, జీడిపప్పు. ఆ చేతులు మాత్రం లేవు. మా ఆవిడ ఫోన్లోనూ వెతికింది, ఆవిడ అకౌంట్ వేరు, అందులో అంతా పిల్లల లెక్కలు, చీరలు.

శుక్రవారం సాయంత్రం డాక్టరుగారు ఇంటికొచ్చి అమ్మ చర్మం వేళ్ళతో పట్టుకుని చూశారు. సెలైన్ పెట్టించారు. "ఆదివారం దాకా చూద్దామండి. తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. ఆవిడ పీకేసుకోకుండా చేతులు కట్టాల్సి రావచ్చు" అన్నారు. అమ్మ చేతులు కడతారట. రేకులు తీసిన చేతులు. ఆయన వెళ్ళాక మా ఆవిడ ముందే ఏడ్చాను. పెళ్ళయ్యాక నేనేడవడం ఆవిడ చూడటం అదే మొదలు.

శనివారం పొద్దున్న చెల్లెలికి ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు. ఎత్తింది. క్షమించమనడం నాకు చేతకాదు, జరిగింది వరసగా చెప్పేశాను.

"పోయిన నెల అమ్మ అన్నం తింటా ఉంటే ఫోన్లో తీశానన్నయ్యా. మా అమ్మాయికి పంపించా. వెనకాల టీవీ మోగతా ఉంది. పేరేవన్నా కనబడుద్దేమో చూడు" అంది.

పంపించింది. నలభై సెకన్లు. అమ్మ ముఖం, నా చెయ్యి, ముద్ద. టీవీ అంచు కూడా పడలేదు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రోజు బడికి సెలవు పెట్టిన మా ఆవిడ మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింటోంది.

"ఏవండీ, టీవీలో ఆవిడ ఏమంటోందో మీరెప్పుడైనా విన్నారా?"

విన్నాను, మొదటిసారి. నా చేతిలోని గిన్నె చప్పుడు వెనక ఆ ముఖం లేని మనిషి ఎవరినో పిలుస్తోంది. "రావే, అందరూ తినేశారు. ఇంకెవరూ లేరు. ఇంక నువ్వు తిను." సరిగ్గా ఆ మాట దగ్గర అమ్మ నోరు తెరిచింది.

మా నాన్న ఉన్నన్నాళ్ళూ, మేం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, కోతల రోజుల్లో కూలీలతో సహా ఇంట్లో ఆఖరి మనిషి తినేదాకా అమ్మ కంచం ముందు కూర్చోవడం నేనెరగను. అలాంటి మనిషికి నేను పదకొండున్నరకే, ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకుండా, అందరికన్నా ముందు పెడుతున్నాను. ఎవరూ తినని ఇంట్లో ఆవిడ ఎలా తింటుంది? ఆ వీడియో రోజూ ఆవిడకు చెబుతున్నది నేను చెప్పవలసిన మాట.

టీవీ కట్టేశాను. అమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని, కలిపిన అన్నం పట్టుకుని కూర్చున్నాను.

"అమ్మా, అందరం తినేశాం. ఇంక నువ్వు తిను."

అమ్మ నా వైపు చూసింది. ఎండిపోయిన పెదవులు కదిలాయి గానీ తెరుచుకోలేదు. మెల్లిగా చెయ్యి చాచి నా కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. బళ్ళోంచి వచ్చి తిన్నానని అబద్ధం చెప్పి ఆటకు పారిపోయే రోజుల్లో సరిగ్గా ఇలాగే నా వేళ్ళు వాసన చూసేది. చెయ్యి వదిలేసింది. ముఖం గోడవైపు తిప్పుకుంది.

"కంచం పెట్టు" అన్నాను మా ఆవిడతో.

వంకాయ కూర వేసి అన్నం పెట్టింది, తనూ ఒక కంచం తెచ్చుకుని పక్కన కూర్చుంది. నాలుగు రోజులుగా నాకూ తిండి సయించడం లేదు. అయినా ఒక్కొక్క ముద్దే నమిలి మింగాను. అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగి మా కంచాలు చూస్తూ ఉంది. చారు, మజ్జిగ, అన్నీ అయ్యాయి. కంచం ఊడ్చి చెయ్యి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ ఆ ఎంగిలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వాసన చూసింది. తర్వాత మా ఆవిడది కూడా అడిగి చూసింది. అప్పుడు నోరు తెరిచింది.