మైకులో ఆవిడతో మా తాతయ్య తగువు

మా తాతయ్య సూరయ్యకి కోపం రాని రోజు ఒకటి చెప్పమంటే నాన్నమ్మ చాలాసేపు ఆలోచించి, "టైఫాయిడ్ వచ్చి పడుకున్న రోజు" అంటుంది. కోపాలన్నీ ఒక ఎత్తు, రైల్వే స్టేషన్ మైకులో మాట్లాడే ఆవిడ మీద కోపం ఒక్కటీ ఒక ఎత్తు. ఆవిడ మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఆవిడ ఉద్యోగం మానేసేది.

తాతయ్యది అంబాజీపేటలో కొబ్బరికాయలు లెక్కపెట్టే పని. లారీలోకి కాయలు విసురుతుంటే పక్కన నిలబడి "లాభం" అని మొదలుపెడతాడు. ఒకటి అనకూడదు, లాభం అనాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఎంత జోరుగా విసిరినా, పక్కన ఎవరు కొట్టుకున్నా లెక్క తప్పదు. చివర పలికిన అంకే నిలుస్తుంది, ముందువన్నీ దాటిపోయినవే. నలభై ఏళ్ళుగా ఆయన చెవికి ఇదొక్కటే చదువు. నేను పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను కాబట్టి ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే.

నాన్నమ్మ సుబ్బాయమ్మకి కళ్ళలో నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అంటారే అది. రాజమండ్రి డాక్టరుగారు తమిళనాడులో ఒక పెద్ద కళ్ళాసుపత్రికి రాసిచ్చారు. వాళ్ళు ఎడమ కంటికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. మద్రాసు దాటాక ఒక జంక్షన్‌లో దిగి బండి మారాలి. నేనూ వస్తానంటే, "నీ నోటికి వేరే టికెట్టు తియ్యాలి" అని తాతయ్య నన్ను వదిలేశాడు. వాళ్ళిద్దరే వెళ్ళారు.

ఆ జంక్షన్‌లో మైకు అరవంలో చెప్పింది, హిందీలో చెప్పింది, చివర ఇంగ్లీషులో చెప్పింది. తెలుగు లేదు. బోర్డు మీద ఇంగ్లీషు తాతయ్య చదవలేడు, కాస్త కూడబలుక్కోగల నాన్నమ్మకి కనపడదు. లారీ డ్రైవర్ల దగ్గర నేర్చిన పది ఇంగ్లీషు అంకెలే ఆయన ఆస్తి. మైకు, "ప్లాట్‌ఫారం నంబర్ ఫైవ్ ఇన్‌స్టెడ్ ఆఫ్ ప్లాట్‌ఫారం నంబర్ టూ" అంది. ఆయనకి రెండంకెలూ బాగానే వినపడ్డాయి. చివరన పలికింది టూ. కూర్చున్నది కూడా రెండో ప్లాట్‌ఫారం మీదే. ఇంకేం, కాళ్ళు చాపుకుని పులిహోర పొట్లం విప్పాడు. బండి అయిదు మీదకి వచ్చి వెళ్ళిపోయింది.

తేదీ పోయింది. ఆసుపత్రివాళ్ళు ఆరు వారాల తర్వాతకి ఇంకో తేదీ ఇచ్చారు. ఈలోగా నాన్నమ్మ ఎడమ కన్ను ఇంకా మసకబారింది. గుమ్మం ఎడమ పక్కని భుజంతో గుద్దుకోవడం మొదలైంది. ఇది కూడా తప్పితే ఆ కన్ను మీద ఆశ పెట్టుకోవద్దని రాజమండ్రి డాక్టరుగారు చెప్పేశారు.

తాతయ్య మాత్రం, "ఆవిడ రెండే అంది, నా చెవులతో విన్నాను" అని ఊరంతా తిరిగి చెప్పాడు. చివరికి మా పక్కింటి రేచల్ అత్త పట్టుకుంది. ఆవిడ మస్కట్‌లో ఎనిమిదేళ్ళు వంటపని చేసింది, ఒక్కర్తే విమానాలు మారి వచ్చేది.

"మావయ్యగారండీ, ఇన్‌స్టెడ్ ఆఫ్ అంటే దానికి బదులని. బదులు తర్వాత చెప్పింది వదిలేసిన నంబరండి. ముందు చెప్పిందే మనది. ఎయిర్‌పోర్టులో గేటు మారినా అంతేనండి, ఆయ్."

తాతయ్య మొహం ఎర్రబడింది. "వదిలేసిన నంబరు మళ్ళీ చెప్పడం ఎందుకే? కుళ్ళుకాయ పక్కన పారేసి, దాన్ని కూడా పైకి లెక్క చెప్తామా?"

"ఆ కోపం నా మీద ఎందుకండీ? మైకు నేను పెట్టలేదు."

"అయితే ఎవరు పెట్టేరో చెప్పు, ఇప్పుడే వెళ్తాను."

"ముందు బండి నంబరు పట్టుకోండి. అయిదంకెలు, విడివిడిగా చెప్తారు. మనది కాకపోతే మిగతాది వినక్కర్లేదు. మనదైతే, ప్లాట్‌ఫారం నంబర్ అన్న మాట వెంటనే వచ్చే అంకె పట్టుకోండి. లేట్ అని వినపడితే దాని తర్వాత గంటలు, నిమిషాలు వస్తాయి. కంగారు పడకండి, మళ్ళీ చెప్తారు."

ఆ ఆరు వారాలూ మా ఇంట్లో అన్నం తింటూ కూడా అంకెలే. జంక్షన్‌లో ఎక్కాల్సిన మా బండి నంబరు పదహారు వేల తొమ్మిది వందల ఎనభై మూడు. నేను పళ్ళెం వెనక నోరు పెట్టుకుని ముక్కుతో గబగబా, "వన్ సిక్స్ నైన్ ఎయిట్ త్రీ" అనేదాన్ని. తాతయ్య, "లాభం, సిక్స్, నైన్..." అని మొదలుపెట్టేవాడు. "తాతయ్యా, లాభం కాదు, వన్!" అంటే గ్లాసు విసిరేవాడు. లేటు కోసం టెన్, ట్వెంటీ, థర్టీ, ఫార్టీ కూడా నేర్పాను. మధ్యమధ్య వేరే బళ్ళ నంబర్లు కలిపేదాన్ని. ఒక్కసారీ మోసపోలేదు. పేకాటలో మాత్రం రోజూ మోసపోతాడు.

రెండోసారి ముగ్గురం వెళ్ళాం. జంక్షన్‌లో ఒకటో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ. మైకు మోగితే తాతయ్య తల కొంగలా పైకి లేచేది. మూడో బండికో నాలుగో బండికో మా నంబరు వచ్చింది.

"లేట్ అంది. ఫార్టీ మినిట్స్. నలభై నిమిషాలు" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "లేటు చెయ్యడానికి ఆవిడకి సిగ్గులేదు."

నలభై నిమిషాలకి ఇంకో అయిదు ఉందనగా మళ్ళీ మోగింది. అరవం, హిందీ అయ్యాయి. ఇంగ్లీషు చివరంటా విని తాతయ్య లేచి సంచి భుజానికి వేసుకున్నాడు.

"నాలుగు. నడవండి."

నేను ఫోన్ చూశాను. "తాతయ్యా, ఇందులో ఒకటే అని ఉంది. కూర్చో."

"అందులో ఎవరున్నారు?"

"యాప్ ఉంది."

"యాప్‌కి పోయేదేముంది? పోతే పోయేది మీ నాన్నమ్మ కన్ను. ఫోర్ అంది, దాని తర్వాత ఆ దిక్కుమాలిన బదులు మాట అంది, తర్వాత వన్ అంది. ముందుదే మనది. నువ్వు పదో తరగతి ఎందుకు తప్పేవో ఇప్పుడు తెలిసింది."

నిజం చెప్పాలంటే మైకు మోగుతున్నప్పుడు నేను ఫోన్‌లో రీల్ చూస్తున్నాను. నాన్నమ్మ నా వైపు తిరిగింది. "తులసీ, ఎవరి మాట వినమంటావే?" అంది భయంగా. ఇంతలో మైకు రెండోసారి అదే చెప్పింది. ఈసారి నేనూ విన్నాను. ఫోర్ ముందు, వన్ వెనక.

వంతెన మెట్లు ఎక్కుతుంటే కింద కూత వినపడింది. నాన్నమ్మ రెండుసార్లు మెట్టు తప్పింది. ఎప్పుడూ పది అడుగులు ముందు నడిచే తాతయ్య ఆవిడ ఎడమ పక్కకి వచ్చి జబ్బ పట్టుకున్నాడు. దిగేటప్పుడు తిట్టినట్టే మెట్లు లెక్కపెట్టాడు. "లాభం, రెండు, మూడు... కాలు పెట్టవే... నాలుగు..."

నాలుగు మీద ఆగి ఉన్నది మా బండే. ఏ పెట్టో చూసుకోకుండా ఎదురుగా ఉన్న దాంట్లోకి ఎక్కేశాం. ఒకటో ప్లాట్‌ఫారం మీద మన కోనసీమ మొహాలే ఇంకో జంట, మాలాగే ఆసుపత్రి కాగితాలతో కూర్చుని ఉన్నారని తాతయ్యకి గుర్తొచ్చింది. బండి తలుపు దగ్గరినుంచి, లారీ మీదకి వినపడేలా పిలిచే గొంతుతో, "నాలుగండోయ్! నాలుగు! ఒకటి కాదు!" అని అరిచాడు. వాళ్ళు సంచులు ఎత్తుకుని వంతెన వైపు పరుగెత్తారు. ఆయన గొంతు మైకు కన్నా గట్టిగా వినపడింది.

ఆపరేషన్ తేదీకే అయింది. కట్టు విప్పాక డాక్టరమ్మ, "పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడుతుంది" అని మాకు తెలుగు నర్సు చేత చెప్పించింది. నాన్నమ్మ సరేనంది. తాతయ్య రోజుకి ఎన్ని చుక్కలు వెయ్యాలో నర్సుని మెల్లగా అడిగాడు. ఆయన మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణంలో అదే జంక్షన్‌లో ఏదో బండి ఆలస్యమని చెప్పి, చివర మైకు ఇంకేదో అంది.

"ఏమంటుందే?"

"ఇబ్బందికి చింతిస్తున్నామంట, తాతయ్యా."

"ఆరు వారాలు..." అని ఆగిపోయాడు. మైకు వైపు పళ్ళు కొరుకుతూ చూశాడు. నాన్నమ్మ, "పోనిద్దురూ, ఆవిడ చింతిస్తున్నానంటుంది కదా. మీరైతే ఆ మాట కూడా అనలేదు" అంది.

తాతయ్య కోపంగా లేచాడు. సంచి నా మీద పడేసి, నాన్నమ్మ ఎడమ పక్కకి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"నడు. మెట్లున్నాయి. లాభం..."