పరిచయ పత్రంలో ఒక వాక్యం

నా స్థానంలోకి వచ్చినవాణ్ని చూసిన మొదటి రోజే నాకు కడుపుమంట మొదలైంది. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, అన్నిటికీ "సరేనండీ". వీడా నా రూట్లో తిరిగేది?

మాది యంత్రాలకు ఆయిల్ అమ్మే కంపెనీ. జనగామలో రైసుమిల్లు, మహబూబాబాద్ దగ్గర గ్రానైట్ క్వారీ, భూపాలపల్లిలో గనుల మట్టి తవ్వే కాంట్రాక్టరు వర్క్‌షాపు. ఈ మూడు పెద్ద ఖాతాలూ తొమ్మిదేళ్లు నేనే చూశాను. ఆ తర్వాత ప్రమోషన్ అని చెప్పి హైదరాబాద్‌లో కుర్చీ వేశారు.

"అప్పగింత ఫైలు తయారు చెయ్. ముగ్గురికీ తెలుగులో పరిచయ పత్రం రాసి, మనిషిని వెంటబెట్టుకెళ్లి చూపించు. వాళ్లు ఒప్పుకుంటేనే అతని ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ నువ్వే తిరగాలి" అన్నాడు మా మేనేజరు. ఆ చివరి మాట నాకు చెవిలో తేనె పోసినట్టుంది.

ఫైలులో ఏ లోపమూ లేదు. ఏ యంత్రానికి ఏ ఆయిలు, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, తేలని ఫిర్యాదులేమిటి, అన్నీ రాశాను. వంకర పనంతా పరిచయ పత్రంలోనే చేశాను. "నా స్థానంలో ఇకపై వీరు వస్తారు. వీరి స్వస్థలం తెనాలి దగ్గర." అంతే. చదువు రాయలేదు, పనితనం రాయలేదు. రాసింది మాత్రం అక్షరాలా నిజం.

ప్రత్యేక రాష్ట్రం కోసం రోజూ బంద్‌లు, ధర్నాలు నడుస్తున్న కాలమది. ఆ ఒక్క వాక్యం ఏం చేస్తుందో నాకు తెలియదా! నేనూ ఈ వైపు పెద్దవంగర వాణ్నే, దీక్షా శిబిరాల్లో కూర్చున్నవాణ్నే. అంత పెద్ద కొట్లాటను నా కుళ్లుకు వాడుకున్నాను. ఛీ, ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

జనగామలో మిల్లు యజమాని పత్రం చదివి నా వైపు తిరిగాడు. "ఏందన్నా గిది? గీ పనికి మనోళ్లే దొరుకలేదా?" చాయ్ నాకొక్కడికే వచ్చింది. చెప్పొద్దూ, ఆ చాయ్ ఎంత బాగుందో! మహబూబాబాద్‌లో క్వారీ యజమాని అతన్ని కూర్చోమని కూడా అనలేదు. "నువ్వే ఉండరాదే? కొత్తోళ్లతోని మాకు పరేషాన్" అన్నాడు. ఈ మాట కోసమే కదా నేను ఇంత చేసింది.

భూపాలపల్లి దారిలో అతను మెల్లగా అన్నాడు. "మా ఊరి సంగతి రాయకపోయినా సరిపోయేదేమోనండీ."

"అబద్ధం రాశానా?" అని గుర్రుమన్నాను. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

వర్క్‌షాపు ఫోర్‌మన్‌ది మహబూబాబాద్ పక్క గూడూరు వైపు ఒక తండా. ఆయన సరే అంటే కాంట్రాక్టరు సంతకం పెట్టేస్తాడు. పత్రం చదివి పక్కన పెట్టి, మట్టి తవ్వే యంత్రం దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లాడు. "దీని బకెట్ లేస్తలేదు. ఆయిల్ మార్చినా గంతే. జర చూడు తమ్మీ" అన్నాడు అతనితో.

అతను చొక్కా చేతులు పైకి మడిచి, హైడ్రాలిక్ ఆయిలు కొంచెం గాజుసీసాలోకి తీశాడు. పాలలా తెల్లగా ఉంది. "నీళ్లు కలుస్తున్నాయండీ" అంటూ యంత్రమెక్కి ట్యాంకు మీద గాలి పోయే మూత చూపించాడు. అది పగిలింది, వాన నీళ్లన్నీ లోపలికే. రెండు నెలలుగా నేను మాత్రం కొత్త ఆయిల్ డబ్బాలు పంపిస్తూ వచ్చాను.

ఫోర్‌మన్ పత్రం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సారూ, గిండ్ల ఊరొక్కటే ఉన్నది, పని లేదు. నేను ఈ షెడ్డుకొచ్చిన దినం గూడ గిట్లనే పరిచయం చేసిండ్రు. తండోడు అన్నరు, గంతే. మూడేండ్లు నా చేతికి పానా ఇయ్యలే, ఊడుసుడే. రాష్ట్రం కోసం నేను గూడ సమ్మెల కూసున్న. గని గిది గా కొట్లాట కాదు. నీ కడుపుల మంట."

అక్కడే నూనె మరకల బల్ల మీద మళ్లీ రాయమన్నాడు. రాశాను. సీసాలో చూసింది రాశాను, మూత సంగతి రాశాను. నేను పట్టుకోలేనిది ఇతను పట్టుకున్నాడని కూడా రాయించాడు.

"జనగామ మిల్లుకు, మానుకోట క్వారీకి గూడ గిదే పోవాలె" అన్నాడు. "ఇగ కింద ఈ తమ్మి ఫోన్ నంబరు ఎయ్."

కలం ఆగిపోయింది. నెల రోజులుగా ఆఫీసులోనూ దారిలోనూ నా పక్కనే ఉన్న మనిషి నంబరు నా దగ్గర లేదు. అతని ముఖం చూడకుండానే అడిగాను. అతను ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పాడు, నేను రాసుకున్నాను.