మూత బిగిసిన ఎర్ర ట్యూబు

అప్పట్లో నేను ఆళ్ళగడ్డ హైస్కూలులో డ్రాయింగు మాస్టారిని. పిల్లలచేత మామిడిపండ్లూ కూజాలూ గీయించడమే నా ఉద్యోగం. నాలో మాత్రం ఒక మహా చిత్రకారుడు దాగి ఉన్నాడని గట్టిగా నమ్మేవాణ్ణి. మా వీధి శిల్పులది. పొద్దున్నే ఉలి చప్పుళ్ళతో లేచేవాళ్ళం. రాతిలోంచి దేవుళ్ళను తీసేవాళ్ళ మధ్య ఆయిల్ రంగులు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, పోటీ లేని చోట మొదటి స్థానం నాదే.

మా మామ నంద్యాల చర్చిలో ఉపదేశి. ఆయన పోయి ఏడాది కావస్తుండగా, జ్ఞాపకార్థ కూడికలో గోడకు తగిలించడానికి ఆయన బొమ్మ వేసిమ్మని అత్త నన్ను అడిగింది. ఆమె దగ్గరున్నది ఒకే ఒక నలుపు తెలుపు స్టూడియో ఫోటో. అందులో మామ మెడకు మఫ్లరు ఉంది. క్రిస్మస్ చలిలో పాటల గుంపుతో ఇల్లిల్లూ తిరగడానికి అత్త తన చేత్తో అల్లిన మఫ్లరు అది. దాన్ని ఆయనతోనే పెట్టెలో పెట్టి పంపేశారు. ఫోటోలో అది నల్లగా ఉంది.

"నలుపు గాదు నాయనా, ఎరుపు. బాగా ముదురెరుపు. ఆ రంగు ఇంగొకసారి చూడల్ల నేను" అంది అత్త.

"మీరు నిశ్చింతగా ఉండండత్తా" అన్నాను. అంత ధీమా ఎందుకంటే, ఆ ముదురెరుపు ఆయిల్ రంగు ట్యూబు నా రంగుల పెట్టెలో ఉంది. ఎప్పుడో మద్రాసు నుంచి తెప్పించుకున్నది. నంద్యాల అంగళ్ళలో తలుపులకు పూసే డబ్బా రంగులే తప్ప ఇలాంటివి దొరకవు. మళ్ళీ మద్రాసుకు రాసి తెప్పించుకునేసరికి కూడిక దాటిపోతుంది.

ముఖం కుదిరింది. కళ్ళు కూడా, నా మీద నాకే అసూయ పుట్టేంత బాగా కుదిరాయి. ఇక మఫ్లరే మిగిలింది. పెట్టె తెరిచి ఎర్ర ట్యూబు తీసి మూత తిప్పాను. తిరగలేదు. ఇంకాస్త బలంగా తిప్పాను. నా వేళ్ళు తిరిగాయి, మూత తిరగలేదు.

ఎందుకు తిరుగుతుంది? ఖరీదైన రంగు కదా అని, వాడిన ప్రతిసారీ ట్యూబు మెడ మీద అంటుకున్న రంగును తుడవకుండా, అదీ వృథా కాకూడదని అలాగే మూత బిగించేవాణ్ణి. ఆ రంగు మూత తిరిగే మరల్లో ఎండి, మూతనూ మెడనూ ఏకం చేసేసింది. గోరంత రంగు ఆదా చేయబోయి మొత్తం ట్యూబుకే తాళం వేసుకున్నాను.

ముందు పళ్ళతో ప్రయత్నించాను. ఎమ్మే చదివినా పళ్ళు పళ్ళే, నొప్పి పుట్టింది. తర్వాత సైకిలు పెట్టెలోంచి పట్టుకారు తెచ్చాను. ఎడమచేత్తో ట్యూబు నడుము పిడికిట్లో బిగించి, కుడిచేత్తో పట్టుకారును తిప్పాను. ఏదో కదిలింది. "వచ్చేసింది!" అని అరిచాను. వంటింట్లోంచి నా భార్య వచ్చి చూసింది.

"ఏమయ్యా, యాడ పట్టుకుంటాండావ్? అది మూతా తిరిగేది? ట్యూబు!"

చూశాను. మూత ఎక్కడిదక్కడే ఉంది. మెడ కింద భుజం దగ్గర, పిండిన తడిబట్టలాగా మెత్తటి రేకు మెలికలు తిరిగి ముడతలు పడింది. ఇంకో పావు చుట్టు తిప్పి ఉంటే మెడ తెగేది. మెడ తెగితే మూత పెట్టే చోటు ఉండదు. ఆరనిచ్చి ఆరనిచ్చి పూతలు వేయాల్సిన మఫ్లరు అది. గాలి తగిలితే తొలిపూత ఆరేలోపల ట్యూబులోని రంగే తోలు కడుతుంది.

"ట్యూబు ఎనక మడత ఇప్పి రంగు తియ్యగూడదా?" అందామె.

"తియ్యొచ్చు. కానీ మళ్ళీ అంత బిగువుగా కూర్చోదు. అది ఆఖరి దారి" అన్నాను పండితుడిలా. అని, ఆ పాండిత్యంతోనే అగ్గిపెట్టె తీశాను. మూతను కాస్త వేడి చేద్దామని. పక్కనే మూత లేని టర్పెంటైను సీసా, అందులో తడిసిన గుడ్డ. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆమె అగ్గిపెట్టె లాక్కుని కొంగున కట్టుకుంది.

"బడిలో పిల్లోళ్ళకు చెప్తావు గదా, మెడ తుడిసి మూత పెట్టండ్రా, బిగుసుకుంటే యేన్నీళ్ళలో పెట్టండ్రా అని. నీకెవురు చెప్పల్ల?"

చెప్పేవాణ్ణి. ప్రతి సంవత్సరమూ, చెవులు పిండి మరీ చెప్పేవాణ్ణి. కోపం వచ్చింది, ఆమె మీద కాదు, ఆమె మాట నిజమైనందుకు.

ఆమె స్టీలు గ్లాసులో వేణ్ణీళ్ళు తెచ్చింది. ట్యూబును తలకిందులుగా పట్టుకుని మూత మాత్రమే మునిగేలా కాసేపు ఉంచాను. తీసి తుడిచాను. మూత అంచున టర్పెంటైను చుక్కలు వేసి, అది మరల్లోకి ఇంకనిచ్చాను. మూత జారకుండా పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టాను. ఈసారి నడుము జోలికి పోకుండా, మెడకు ఆనుకుని ఉన్న భుజాన్నే గుడ్డతో గట్టిగా పట్టుకున్నాను. ఒక్కసారిగా తిప్పేయకుండా ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి ఆడించాను. కదల్లేదు. మళ్ళీ వేణ్ణీళ్ళు, మళ్ళీ టర్పెంటైను. నాకు ఓపిక అనేది ఉందని ఆ మధ్యాహ్నమే తెలిసింది. చివరికి చిన్నగా కిరక్‌మని శబ్దం. భుజం మీది ముడతలు అలాగే ఉన్నాయి. అంటే తిరిగింది మూతే.

ట్యూబు నోట్లో గడ్డకట్టిన తోలును పిన్నీసుతో లాగితే, వెనకే ముదురెరుపు మెరుస్తూ బయటికి వచ్చింది. మరలన్నీ తుడిచి, కాస్త వాజిలీను రాసి మూత పెట్టాను. పెట్టి తీశాను. తీసి పెట్టాను. ఆమె నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మఫ్లరు వేశాను. ఆరాక ఇంకో పూత వేశాను. అక్కడితో ఆగి ఉంటే నేను నేనెందుకవుతాను? కూడికకు రెండు రోజుల ముందు, అల్లిక కుట్లలో లోతు చాలలేదనిపించి మరో పూత వేశాను. ముదురెరుపు త్వరగా ఆరదని పిల్లలకు చెప్పేదీ నేనే. పచ్చి బొమ్మను ఎవరికీ తగలకుండా బస్సులో ఒళ్ళో నిలబెట్టుకుని నంద్యాల చేరాను. సర్దడానికి పనికొస్తుందని ట్యూబును జేబులో వేసుకున్నాను.

అత్త వచ్చి బొమ్మ ముందు నిలబడింది. నేను కష్టపడి వేసిన ముఖాన్ని చూడనేలేదు. నేను "తడి..." అనేలోపే చేయి చాచి మఫ్లరును పట్టుకుంది. చలిలో ఆయనకు సర్దినట్టే, మెడ దగ్గర కొంచెం పైకి జరిపింది. రంగు చెదిరింది. ఆమె తన ఎర్రటి వేళ్ళను వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"ఇదే నాయనా, ఇదే ఎరుపు" అంది. ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఆమె లోపలికి వెళ్ళాక, చెదిరిన చోటు సర్దుదామని జేబులోంచి ట్యూబు తీశాను. ఈసారి రెండు వేళ్ళతో తాకగానే మూత చక్కగా తిరిగింది. మఫ్లరు మీద అత్త మూడు వేళ్ళ గుర్తులు ఉన్నాయి. కాసేపు చూసి, ట్యూబు మెడ తుడిచి మళ్ళీ మూత పెట్టేశాను.