పైనున్న ఒక్క చుక్క

కళింగపట్నం నుంచి గరివిడి దాకా మా తాత జగన్నాధాన్ని మోసం చేయగల అంకె ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆయన కళ్లద్దాలు చూసి వెనక్కి పారిపోతుంది.

శ్రీకాకుళంలో ఓ కాలేజీ స్టాటిస్టిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక ఆయన అనుమానాలకు చోటు లేకుండా పోయింది. అందుకని కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో కుర్చీ వేసుకున్నాడు. కూరలమ్మే ఆవిడ త్రాసునీ, రేడియోలో వాన కబురునీ అక్కణ్ణుంచే అనుమానించేవాడు.

2014లో, డిగ్రీ ఆఖరేడు చదివే దుర్గ మర్నాటి ప్రాక్టికల్ వైవాకని పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చింది. కళింగపట్నం పిల్ల. ఇసుక మీద ఎండిన చేపలు ఇరవై, వెదురు తడకల మీద ఎండినవి ఇరవై తీసి తేమ కొలిచింది. సాఫ్ట్‌వేర్ కక్కిన పట్టికలన్నీ స్లైడ్ల మీద అలాగే అతికించి, పక్కన రంగుల దిమ్మల గ్రాఫు నిలబెట్టింది.

"సిగ్నిఫికెన్స్ సున్నా అని రాసినావేటే? సాఫ్ట్‌వేరు సుక్క తరవాత మూడంకెలకి కోసేసినాది. 0.001 కన్నా తక్కువని రాయి" అన్నాడు తాత. "ఈ గ్రాఫు ఇరవై కాడ మొదలైనాది. దిమ్మల కాళ్లు నరికేసి తేడా పెద్దది సేసినావు."

రెండు గుంపుల్లో అంకెల చెదురు సమానంగా లేదని చూసి, పట్టికలో అలాంటప్పుడు వాడే వెల్చ్ పరీక్ష వరసనే తీసుకోమన్నాడు. పట్టికలన్నీ ఒక్క వాక్యమయ్యాయి: ఇసుక మీద సగటు తేమ 31.4 శాతం (ఎస్‌డీ 6.2), తడకల మీద 24.1 (2.5), t(25.0) = 4.88, p < 0.001. దిమ్మలు పోయి, చేపకో చుక్క వచ్చింది.

ఇసుక గుంపులో ఒక చుక్క మాత్రం యాభై రెండు దగ్గర, పైన ఒంటరిగా కూర్చుంది.

"ఇది ఇరవై అయిదు. తిరగేసి కొట్టినావు. లేకపోతే కూకుని అల్లేసినావు."

దుర్గ మొహం మాడిపోయింది. ఎగ్జామినర్‌కీ ఇదే అనిపిస్తే ప్రాక్టికల్ పోయినట్టే. "తీసేత్తాను మాస్టారూ, గ్రాఫు శుభ్రంగా ఉంటాది."

"తీసేత్తానంతున్నావా? ఇప్పుడింకా అనుమానం. ఆ సేప ఎక్కడిది?"

"ఆ పొద్దు సినుకులు పడ్డాయి. మాయమ్మ ఇసుక మీదివన్నీ కుప్పేసి టార్పాలిన్ కప్పేసినాది. పైనున్న మంచివి ముడితే తంతాది. అందుకని ఈ ఒక్కదాన్నీ తడారని అడుగున సెయ్యెట్టి లాగేసినాను."

తాత కళ్లద్దాలు తీశాడు. "ఇంత సెత్తగా ఎవరూ అబద్ధం అల్లరు. ఉంచు."

ఆ చుక్క తీసేసి కూడా లెక్క చేయించాడు. తేడా అలాగే నిలిచింది. చుక్క ఉంచినా తీసినా వచ్చిన లెక్కలు రెండూ స్లైడు కింద ఒక వరసలో రాయించాడు.

మర్నాడు ఎగ్జామినర్ వేలు ముందుగా ఆ చుక్క మీదికే వెళ్లింది. దుర్గ వానా, టార్పాలినూ, అమ్మంటే భయమూ చెప్పేసి గట్టెక్కింది. సంబరంగా ఎండుచేపల పొట్లం తెచ్చిస్తే తాత ఒక్కో చేపనీ నొక్కి చూశాడు, తేమేమోనని.

ఇదంతా రాసి చదివి వినిపించబోతే మొదటి వాక్యం దగ్గరే నన్ను ఆపేశాడు.

"కళింగపట్నం నుంచి గరివిడి దాకా ఎన్ని అంకెల్ని కొలిసినావురా? ఒక్కటీ లేదు. కొట్టేయ్."