వేదవతి శుభ్రం చేసిన తేదీ

నారాయణగూడలో ఒక మందుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే కన్సల్టెన్సీలో వేదవతి ఉద్యోగం. విదేశీ యూనివర్సిటీలకు పిల్లలు రాసుకొచ్చే వ్యాసాలు దిద్దడం ఆమె పని. అంతకుముందు చిక్కడపల్లిలో పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు చూసేది. ప్రెస్సు మూతపడింది గానీ ఆ అలవాటు పోలేదు. హోటల్లో మెనూ కార్డు ఇచ్చినా పెన్ను కోసం సంచీ వెతికే మనిషి.

ఆమె పట్టింపులు ఆఫీసులో అందరూ ఎరుగుదురు. బ్రిటన్‌కు పోయే వ్యాసంలో ‘సెంటర్’ చివర ఆర్ఈ, అమెరికాకైతే ఈఆర్. అలాగని సంస్థల పేర్ల జోలికి పోకూడదు, వాళ్ళ బోర్డు మీద ఎలా ఉంటే అలాగే. తేదీని అంకెల్లో చస్తే ఉంచదు. నెల అక్షరాల్లో రాసి, బ్రిటన్‌కైతే రోజు ముందు, అమెరికాకైతే నెల ముందు పెడుతుంది. ‘‘ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా ఉంటే ఇద్దరు రాశారనుకుంటారమ్మా,’’ అనేది. అక్షరాలా నిజమే. ఆ నిజం మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

2012 ఆగస్టులో కవాడిగూడ నుంచి నవత వచ్చింది. అడిక్‌మెట్ దగ్గర ఒక క్షయ క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి. ఒక అమెరికన్ యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్‌తో ప్రజారోగ్యం చదివిస్తానంటోంది. రెండే షరతులు. సెప్టెంబరు ఒకటికి రెండేళ్ళ ఉద్యోగం నిండి ఉండాలి, ఒక మనిషి ఒక్కసారే దరఖాస్తు పెట్టాలి. ఆ స్కాలర్‌షిప్ రాకపోతే నవతకు పైచదువు కల్ల.

అంతకుముందు బ్రిటన్‌కు రాసి పెట్టుకున్న వ్యాసాన్నే తీసి, అమెరికాకు తగ్గట్టు మార్చుకొచ్చింది. నవత సగం మార్చి సగం వదిలేసింది. అసలు చిక్కంతా అక్కడే పడింది.

వేదవతి చూసేసరికి ఒకచోట ‘25/03/2010’ అని శిక్షణ తేదీ. ఇరవై అయిదో నెల లేదు కాబట్టి, ఈ పిల్ల రోజు ముందు రాస్తుందన్నమాట. కింద ఉద్యోగంలో చేరిన తేదీ ‘06/11/2010’. వేదవతి పెన్ను ఆగలేదు. నవంబరు 6, 2010. బయోడేటాలోనూ అదే తేదీ అంకెల్లో ఉంటే, అక్కడా అలాగే మార్చింది. కరెంటు కోత మొదలయ్యేలోగా పంపాలి. ఒక ఫోను చేసి ఉంటే పోయేదేమీ లేదు. కానీ ప్రెస్సులో ఏ రచయితకూ ఫోను చేసి ఎరగదు. తీరు చూసి తేల్చేయడమే ఆమె పనితనం.

నవత ప్రింటు చదివి, సంతకం పెట్టి, ‘‘కిరాక్ ఉంది మేడం, నాదేనా ఇది?’’ అని నవ్వింది.

నెల తిరక్కుండా తిరస్కారం వచ్చింది. రెండేళ్ళు నిండలేదు, దరఖాస్తు పరిశీలనకు తీసుకోలేదు, మళ్ళీ పెట్టే వీల్లేదు.

నవత క్లినిక్ ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని మెట్లెక్కింది. అందులో జూన్ 11, 2010 అని ఉంది. చేరిన తేదీని అమెరికా వాళ్ళ పద్ధతిలో నెలను ముందుకు తెచ్చి నవతే రాసింది. శిక్షణ తేదీని మార్చడం మరిచిపోయింది. వేదవతి తను దిద్దిన కాగితం తీసి పక్కన పెట్టి చూసింది. గజిబిజిగా ఉన్నదాన్ని అలాగే పంపినా అక్కడెవరో ఒకరు అనుమానపడి అడిగేవాళ్ళేమో. తను శుభ్రం చేశాక అడగడానికి ఏమీ మిగల్లేదు.

యజమాని రామచంద్రరావు యూనివర్సిటీకి సర్టిఫికెట్ జతచేసి మెయిలు పెట్టాడు. ‘మీరు సమర్పించినదే మాకు ఆధారం’ అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఆయన వేదవతిని లోపలికి పిలిచి, ‘‘ఆ అమ్మాయి సంతకం మన దగ్గరుంది. మీరేం మాట్లాడకండి,’’ అన్నాడు.

బయట నవత తననే తిట్టుకుంటోంది. ‘‘నేనే సరిగ చూడలే మేడం. గంత నీట్‌గ ఉంటే గది తప్పెట్ల అయితదనుకున్న.’’

నోరు మూసుకుంటే గడిచిపోయేదే. వేదవతి మూసుకోలేకపోయింది. ‘‘నువ్వు కాదమ్మా. నీ జూన్‌ని నవంబరు చేసింది నేనే. నిన్ను అడగకుండా చేశాను.’’

నవత అరుస్తుందని, ఏడుస్తుందని వేదవతి కాచుకుని కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

‘‘గా రోజు ఫోన్ నా చేతిలనే ఉండె మేడం,’’ అంది నవత. ‘‘ఇంత చదివినరు, ఒక్క మాట అడగబుద్ధి కాలేదా?’’

సర్టిఫికెట్‌ను మడతపడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, డ్యూటీకి టైమవుతోందని మెట్లు దిగిపోయింది.